పళ్ళ మాస్టారికి వచ్చిన అభినందనలు

మన డబ్బు విలువ పడిపోయిన ప్రతిసారీ ఎవరో ఒకరు పళ్ళ మాస్టారిని అభినందించేవారు.

"ఏం మాస్టారూ, డాలరు నూట పద్దెనిమిదట! మీకేం, పండగే పండగ!" అని కింది మందుల దుకాణంలోంచి కేకేసేవాడు దుకాణదారు. మెట్లెక్కబోతున్న మాస్టారు నవ్వలేక, నవ్వకుండా ఉండలేక, చేతిలోని సంచీ సర్దుకుని పైకి వెళ్ళిపోయేవాడు. పై అంతస్తులో ఆయన ల్యాబు. ల్యాబంటే పెద్దదేమీ కాదు. రెండు బల్లలు, ఒక సానపట్టే మోటారు, గోడ పొడుగునా అరల్లో వరసగా ప్లాస్టర్ దవడలు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ దవడల్ని చూసి ఒక్క క్షణం జంకుతారు. ఆయనకు మాత్రం అవి మనుషుల్లాగే తెలుసు. ఇది నిద్రలో పళ్ళు కొరికే ఆయనది, ఇది ఒక పక్కనే నమిలే ఆవిడది అని చెప్పగలడు.

పళ్ళు కట్టేది డాక్టర్లు. ఆ కట్టే పళ్ళు చేసేది ఈయన. ఇరవై రెండేళ్ళుగా అదే పని. పన్ను రంగు చూడాలంటే కిటికీ దగ్గర పగటి వెలుతురులోనే చూస్తాడు, ట్యూబులైటు కింద ఛస్తే చూడడు. ఆయన చేసిన పన్ను నోట్లో పెట్టుకున్నాక అది ఎవరు చేశారో అడిగేవారు ఉండరు. అసలది పెట్టుడు పన్నని కనిపెట్టేవాళ్ళే ఉండరు. చేతిలో అంత పనితనం ఉన్నా ఆయన దగ్గర లేనిది ఒక్కటే: ఫర్నేసు.

పింగాణీ పన్ను కాలితేనే పన్ను. పొడిని నీళ్ళతో కలిపి, కుంచెతో పొరలు పొరలుగా అద్ది, తొమ్మిది వందల డిగ్రీల పైచిలుకు వేడిలో, గాలి లాగేసిన గదిలో కాల్చాలి. ఆ ఫర్నేసు ఇక్కడ ఎవరూ తయారుచెయ్యరు, పై దేశం నుంచి రావాల్సిందే. అందుకని మాస్టారు రోజూ సాయంత్రం నాలుగు వీధుల అవతల ఉన్న పెద్ద ల్యాబుకు వెళ్ళి, వాళ్ళ ఫర్నేసు ఖాళీ అయ్యేదాకా ఓ మూల స్టూలు మీద కూర్చుని, తన పళ్ళు తనే కాల్చుకుని వచ్చేవాడు. అందుకు పన్నుకు వచ్చే ఎనిమిది వందల్లో నాలుగు వందలు వాళ్ళకి. నెలకు డెబ్భై పళ్ళు. మిగిలిన సగంలో పొడి, అద్దె, కరెంటు పోగా ఇంటికి తెచ్చేది చెప్పుకోవడానికి సిగ్గుపడేంత.

ఐదేళ్ళ క్రితం ఆయన భార్య పై దేశం వెళ్ళింది అందుకే. ఆమె నర్సు. అక్కడ ముసలివాళ్ళను చూసుకునే ఆసుపత్రిలో ఉద్యోగం, జీతం డాలర్లలో. "ఫర్నేసు కొనేంత కూడగానే వచ్చేస్తా. రెండేళ్ళో మూడేళ్ళో, అంతే" అని చెప్పి వెళ్ళింది. అప్పటికి పాపకు ఐదేళ్ళు. పాపను చూసుకోవడానికి మాస్టారి అత్తగారు వచ్చి వీళ్ళింట్లో మకాం పెట్టింది. మొదటి రెండేళ్ళు పంపినదంతా ప్రయాణానికి చేసిన అప్పుకూ, వాన వస్తే కురిసే ఇంటి కప్పుకూ సరిపోయింది. ఆ తర్వాతే బ్యాంకులో ఫర్నేసు పేరిట డిపాజిట్టు మొదలైంది.

ఆ డిపాజిట్టు దగ్గరే మొగుడూ పెళ్ళాలకు ఒకసారి మాటా మాటా వచ్చింది. "ఫర్నేసు డబ్బు నా దగ్గరే ఉంచుతానండీ. కొనేది డాలర్ల సరుకేగా, ఇంటి ఖర్చుకు వేరే పంపుతా" అంది ఆమె ఫోనులో. మాస్టారు ఒప్పుకోలేదు. అక్కడి బ్యాంకు ఏడాదికి నూటికి ఒకటి ఇస్తుంటే ఇక్కడ ఎనిమిది ఇస్తున్నారు, ఎనిమిది పెద్దదా ఒకటి పెద్దదా అని చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. కాగితం మీద లెక్క వేసి ఫొటో తీసి పంపాడు కూడా. "సరే, మీ ఇష్టం" అని ఆమె ఊరుకుంది. చాలాకాలం డాలరు వంద దగ్గరే అటూ ఇటూ ఊగుతూ ఉండడంతో మాస్టారి మాటే నెగ్గినట్టయింది.

ఆ తర్వాత ఎనిమిది నెలల్లో వంద కాస్తా నూట ఇరవై ఐదయింది.

నిజం చెప్పాలంటే మొదట్లో మాస్టారు కూడా సంతోషించాడు. ఆమె నెలనెలా పంపే నాలుగు వందల డాలర్లకు నలభై వేలు వచ్చేవి. ఒక నెల నలభై నాలుగు వచ్చాయి, ఆపై నెల నలభై ఏడు, చివరికి యాభై. ఏమీ చెయ్యకుండానే నెలకు పది వేలు పెరిగాయి. ఆ ఊపులో తనకు చెప్పులు, పాపకు సైకిలు కొన్నాడు. అత్తగారు రేడియోలో వార్తలు వినడం మొదలుపెట్టింది. ఆమెకు కావలసిన వార్త ఒక్కటే. "బాబూ, ఇవాళ ఇంకో రూకన్నర పడిందట మనది!" అని వంటింట్లోంచి సంబరంగా చెప్పేది.

తర్వాత పెరిగిన ధరలు ఒక్కొక్కటే ఇంట్లోకి రావడం మొదలైంది. మొదట వంటనూనె. తర్వాత గ్యాసు. పెట్రోలు పెరిగిందని బస్సువాడు చార్జీ పెంచాడు, బస్సు పెరిగిందని పాప స్కూలు వ్యాన్ అతను పెంచాడు. అత్తగారి రక్తపోటు మాత్రలు ఇక్కడే తయారవుతాయి కదా అని కింది దుకాణదారును నిలదీస్తే, మాత్ర ఇక్కడిదే గానీ అందులోకి వేసే మందు పొడి ఓడెక్కి వస్తుంది మాస్టారూ అన్నాడు. ఆమె పంపేదాంట్లో ఇరవై ఎనిమిది వేలతో గడిచే ఇల్లు ముప్ఫై మూడు వేలు అడగసాగింది. వచ్చిన పదివేలలో సగం ఎవరూ చూడకుండానే ఆవిరైపోయింది. అయినా మిగిలిన సగం మిగులే కదా అని మాస్టారు మనసుకు సర్దిచెప్పుకున్నాడు. పింగాణీ పొడి అయిపోయి డీలరు దగ్గరికి వెళ్ళేదాకా.

డీలరు దంత వైద్యానికి కావలసిన సమస్తం తెప్పిస్తాడు. దుకాణం నిండా అట్టపెట్టెలు, వాటి మీద చదవలేని అక్షరాలు. మాస్టారు ఎప్పుడూ తీసుకునే పొడి సీసా అడిగి, ధర విని, సీసాను మళ్ళీ బల్ల మీద పెట్టేశాడు.

"ఇదేంటండీ, పోయినసారి పద్దెనిమిది వందలు. ఇవాళ ఇరవై రెండా?"

"డాలరు సార్" అన్నాడు డీలరు, ఆ ఒక్కమాటతో అంతా అయిపోయినట్టు.

"డాలరు సరే. ఈ సీసా మీద దుమ్ము చూడండి. ఇది పోయినేడాది తెచ్చిన సరుకు. అప్పటి డాలరుకు కొని ఇప్పటి డాలరుకు అమ్ముతారా?"

డీలరు నొచ్చుకోలేదు. రోజుకు పదిమంది అడిగే ప్రశ్నే. "చూడండి మాస్టారూ, ఈ సీసా అమ్మిన డబ్బుతో నేను ఇంకో సీసా తెచ్చుకోవాలా వద్దా? కంపెనీవాడు ధర పెంచలేదు. అప్పుడూ పదహారు డాలర్లే, ఇప్పుడూ పదహారు డాలర్లే. కానీ పదహారు డాలర్లు కొనాలంటే అప్పుడు బ్యాంకులో పదహారు వందలు కట్టేవాణ్ణి, ఇప్పుడు రెండు వేలు కడుతున్నా. పాత ధరకే అమ్మితే అరలో సీసా పోతుంది, దాని చోట్లో ఇంకోటి రాదు. నెల తిరిగేసరికి ఖాళీ అరలు పెట్టుకుని కూర్చోవాలి."

తప్పు పట్టడానికి మాస్టారికి ఏమీ దొరకలేదు. అందుకే ఇంకా మండింది. "మరి ఫర్నేసు?" అని అడిగాడు, జవాబు సగం తెలిసే.

డీలరు పుస్తకం తిరగేశాడు. "మీరు చూసిపెట్టుకున్నది... అప్పుడు ఐదు లక్షలు చెప్పాను కదా. ఇప్పుడు ఆరు లక్షల పదివేలు. దిగుమతి సుంకం కూడా పెరిగిన విలువ మీదే వేస్తారండీ, రేటు మారకపోయినా. ఈ ధర కూడా ఏడు రోజుల వరకే. ఆ తర్వాత ఎంతంటే నాకూ తెలీదు."

ల్యాబుకు తిరిగొచ్చి మాస్టారు ఒక పాత కవరు వెనక లెక్క వేశాడు. డిపాజిట్టులో ఉన్నది నాలుగున్నర లక్షలు. పాత ధరకైతే ఇంకో యాభై వేలు తక్కువ. నెలకు పన్నెండు వేలు దాచినా నాలుగైదు నెలల్లో ఫర్నేసు వచ్చేది, ఆమె వచ్చేది. ఇప్పుడు నెలకు పదిహేడు వేలు దాస్తున్నాడు, నిజమే. కానీ తక్కువపడేది లక్షా అరవై వేలు. అంటే పది నెలలు. అదీ ధర ఇక్కడే ఆగితే. నెలకు ఐదు వేలు ఎక్కువ దాస్తూ లక్షా పదివేల పెరుగుదలను పట్టుకోవాలంటే దాదాపు రెండేళ్ళు పరుగెత్తాలి. కొత్తగా వచ్చే డబ్బు పెరిగిందని సంబరపడుతున్నాడు గానీ, అంతకు ముందే వచ్చి బ్యాంకులో పడుకున్న డబ్బుకు ఆ పెరుగుదల అందలేదు. ఫర్నేసు ముందు నిలబెడితే అది చిక్కిపోయింది.

ఆ మర్నాడు పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. ఆయన క్లినిక్కుకే మాస్టారి పళ్ళల్లో సగం వెళ్తాయి. పన్నుకు వంద పెంచమని అడిగాడు.

"నీ చేతిపనికి డాలరెందుకయ్యా?" అన్నాడు డాక్టరు గ్లవ్సు తీస్తూ. "చెయ్యి నీది, ఊరు మనది."

"పొడి మనది కాదండీ."

"అయినా నీకేం తక్కువ? ఇంటావిడ డాలర్లు పంపుతోంది కదా. ఈ మధ్య మీలాంటి వాళ్ళదే రాజ్యం."

మాస్టారికి తాను తెచ్చిన దవడ అచ్చు అక్కడే బల్ల మీద వేసి కొట్టాలనిపించింది. కానీ దాని వెనక మూడు గంటల పని ఉంది. జాగ్రత్తగా పెట్టి బయటికొచ్చాడు. చివరికి డాక్టరు నలభై పెంచాడు, అదీ రెండు వారాలు తిప్పుకుని. ఈలోగా పెద్ద ల్యాబు తన వాటా యాభై పెంచింది.

డాక్టరును కలిసిన ఆ వారంలోనే, ఆదివారం బావమరిది వచ్చాడు. వస్తూనే, "బావా, కంగ్రాట్స్!" అన్నాడు.

మాస్టారు చదువుతున్న పేపరు దించలేదు. "దేనికి?"

"దేనికేంటి బావా, నూట ఇరవై ఐదు! అక్క పంపేదానికి నెలకు పదివేలు ఊరికే కలిసొస్తున్నాయి. ఆ కలిసొచ్చిందేదో ఓ ఆర్నెల్లు నాకు సర్దితే బండి కొనుక్కుంటా. నీకు ఎప్పుడూ లేని డబ్బే కదా!"

పేపరు మడతపడింది. అత్తగారు వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"కలిసొచ్చిందా?" అన్నాడు మాస్టారు. గొంతు ఆయనకే కొత్తగా వినిపించింది. "ఇలా రా. కూర్చో. నా దగ్గర బ్యాంకులో డబ్బుంది. ఏడాది కిందట ఆ డబ్బుకు ఎంత పింగాణీ పొడి వచ్చేదో తెలుసా? రెండు వందల యాభై సీసాలు. ఇప్పుడు రెండు వందల నాలుగు. నలభై ఆరు సీసాలు ఎవరు ఎత్తుకెళ్ళారు? దొంగ రాలేదు, తాళం పగల్లేదు, పాసు పుస్తకంలో అంకె ఒక్కటి తగ్గలేదు. అయినా పోయాయి. దానికి కంగ్రాట్స్ చెబుతావేంట్రా నువ్వు?"

"అరుస్తావెందుకు బావా?" అన్నాడు బావమరిది, కాస్త వెనక్కి జరిగి. "మా ఆఫీసులో ఒకడి అన్న అక్కడే ఉన్నాడు. వాళ్ళు ఈ డబ్బుతో మేడ మీద గది వేసుకుంటున్నారు. వాళ్ళకి కలిసి రాలేదా?"

మాస్టారు అబద్ధమాడే మనిషి కాదు. "వాళ్ళకి వచ్చింది. మేస్త్రీ కూలి డాలర్లలో లేదు, ఇటుక పక్క ఊళ్ళోది, ఇసుకా అంతే. ఇక్కడి వస్తువు ఇక్కడి డబ్బుతో కొనేవాడికి, అదీ ధరలు ఎక్కకముందే కొనేవాడికి, లాభమే. ఇంటి అద్దె కట్టేవాడికి కూడా లాభమే. నేను కొనాల్సింది ఓడ మీద వచ్చేది. నాకు రాలేదు. నా ఖర్మ."

"బాబూ" అంది అత్తగారు గుమ్మంలోంచే. "నాకు ఈ సీసాలూ అవీ తెలీవు గానీ, అమ్మాయి నాలుగు నెలల్లో వచ్చేస్తుందన్నావు. వస్తుందా, రాదా?"

మాస్టారు పేపరు తీసుకుని మళ్ళీ విప్పాడు, మళ్ళీ మడిచాడు. ఆ రోజు నుంచి అత్తగారు డాలరు వార్త వినిపిస్తే రేడియో కట్టేసేది.

భార్యకు చెప్పక తప్పలేదు. మధ్యాహ్నం ఆమె డ్యూటీ విరామంలో ఫోను చేస్తుంది. అక్కడ ఆమె ఒక చిన్న గదిలో, బట్టల బీరువాలకు ఆనుకుని కూర్చుని మాట్లాడుతుంది. మాస్టారు కవరు వెనక లెక్క చూస్తూ చెప్పాడు. ఆమె మధ్యలో ఎక్కడా ఆపలేదు. అంతా విని, "అంటే ఆ నాలుగున్నర లక్షలు, వంద ఉన్నప్పుడు నాలుగున్నర వేల డాలర్ల పెట్టు. ఇవాళ మూడువేల ఆరొందలు" అంది.

"అవును."

"ఫర్నేసు డబ్బు నా దగ్గరుంచుతానన్నాను. గుర్తుందా?"

"ఉంది."

"ఎనిమిది పెద్దదా ఒకటి పెద్దదా అన్నారు. ఫొటో కూడా పంపారు."

"పంపాను" అన్నాడు మాస్టారు. "ఎనిమిది పెద్దదే. కానీ డాలరు ఒక్కసారి పాతిక ఎక్కితే మూడేళ్ళ ఎనిమిదులు పోతాయని నాకు తట్టలేదు. నాలుగేళ్ళు కదలనిది ఇక కదలదనుకున్నా."

"నేను ఇప్పుడే లెక్కేశా. మీ వడ్డీ అంతా కలుపుకున్నా, నా దగ్గరే ఉంచి ఉంటే ఇవాళ్టికి ఇంకో నలభై వేలు ఎక్కువుండేది." ఆమె గొంతులో దెప్పిపొడుపు లేదు, అలసట ఉంది. "నలభై వేలంటే మీకు అంకె. నాకు ఇక్కడ రెండు నెలల పైమాట. మాట వినమంటే మీరెప్పుడూ లెక్క చూపిస్తారండీ."

మాస్టారు కవరు మడిచి పక్కన పెట్టాడు. "తప్పు నాదే" అన్నాడు. పదమూడేళ్ళ కాపురంలో ఆ మాట అంత సూటిగా అనడం అదే మొదటిసారి. ఆమె కూడా ఆశ్చర్యపోయినట్టుంది.

"సరే, ఏడ్చి ఏం లాభం. ఇక్కడ మావాళ్ళు కొందరు, ఇంకా పడుతుంది, నూట యాభై అవుతుంది అని ఇంటికి పంపడమే ఆపేశారు. మనమూ ఆగుదామా?"

"పడుతుందో లేస్తుందో ఎవడికి తెలుసు? తెలిసినట్టు చెప్పేవాడు నాలాంటివాడే."

అటునుంచి చిన్న నవ్వు వినిపించింది. ఆ వారంలో మొదటిది. ఇద్దరూ ఒక మాట అనుకున్నారు. ఇంట్లో ఖర్చయ్యేది నెలనెలా ఇంటికి పంపాలి. మిగిలేది ఇక ఆమె దగ్గరే ఉండాలి. డిపాజిట్టులో ఉన్నది మాత్రం ఇంకా కరక్కముందే సరుకు కింద మారిపోవాలి. ఎలా మారుతుందో మాత్రం ఇద్దరికీ తెలీదు.

మాస్టారు మళ్ళీ డీలరు దగ్గరికి వెళ్ళాడు. పెద్ద ఫర్నేసు ధరకు పెట్టిన ఏడు రోజుల గడువులో అది ఐదో రోజు. ఊరికే కూర్చోబుద్ధి కాక దుకాణమంతా కలియదిరుగుతుంటే, వెనక గదిలో, విరిగిన డాక్టరు కుర్చీ పక్కన, ప్లాస్టిక్ కవరు కప్పిన పెట్టె ఒకటి కనిపించింది. కవరు ఎత్తి చూశాడు. చిన్న ఫర్నేసు. పెద్దదాన్లో పదిహేను పళ్ళు పడితే దీన్లో ఆరే పడతాయి. మూత దానంతటది దిగదు, చేత్తో లివరు తిప్పి దించాలి. గాలి లాగే పంపు వేరే తెచ్చుకోవాలి. కానీ వేడి అదే వేడి.

"ఇదెంత?"

డీలరు తల గోక్కున్నాడు. "అదా... రెండేళ్ళ కింద తెచ్చా. నాలుగు లక్షల ఇరవై వేలకు ఇద్దామని. ఎవరూ అడగలేదు, అందరికీ ఆటోమేటిక్కే కావాలి. ఇప్పుడైతే ఐదు లక్షల పదివేలు అవుతుంది సార్. డాలరు..."

"ఆగండి" అన్నాడు మాస్టారు. పెట్టె మీద చెయ్యి అలాగే ఉంచాడు. "మొన్న మీరేమన్నారు? సీసా అమ్మితే ఇంకో సీసా తెచ్చుకోవాలి, అందుకే కొత్త ధర అన్నారు. ఒప్పుకున్నా. నోరు మూసుకుని డబ్బు కట్టా. మరి ఇది అమ్మితే ఇంకో ఇలాంటిది తెస్తారా?"

డీలరు ప్లాస్టిక్ కవరు మళ్ళీ కప్పబోయాడు.

"రెండేళ్ళలో ఒక్కడు అడగలేదన్నారు. అంటే దీన్ని మళ్ళీ తెప్పించరు. తెప్పించనిదానికి ఇవాళ్టి డాలరుతో పనేంటి? దీనికి మీరు కట్టాల్సిన డాలర్లు రెండేళ్ళ కిందటే కట్టేశారు, వంద చొప్పున. ఇది ఇక్కడే ఇంకో రెండేళ్ళుంటే తుప్పు పడుతుంది, లాభం పట్టదు."

"వడ్డీ పోతుంది కదండీ నాకు... చోటు అద్దె..."

"అందుకే నాలుగు లక్షల ఇరవై కాదు, నాలుగు నలభై ఇస్తా. మొత్తం ఒకేసారి. ఎల్లుండి."

డీలరు గంటసేపు తల అడ్డంగా ఊపాడు. మధ్యలో టీ తెప్పించాడు, నాలుగు డెబ్భై అన్నాడు, నాలుగు యాభై ఐదన్నాడు. మాస్టారు ఇరవై రెండేళ్ళుగా పన్ను మీద కుంచె ఆడిస్తున్న ఓపికతోనే కూర్చున్నాడు. ఆఖరికి డీలరు నాలుగు నలభైకే ఒప్పుకుని, పుస్తకం మూసి, "మీకు నేను ఆ లెక్క చెప్పి ఉండాల్సింది కాదు సార్" అన్నాడు.

బ్యాంకువాళ్ళు గడువుకు ముందే డిపాజిట్టు తీసినందుకు వడ్డీలో కోత వేశారు. చేతికి నాలుగు లక్షల నలభై మూడు వేలు వచ్చాయి. పంపు మాత్రం మూసేసిన ఒక ల్యాబు నుంచి పాతది ఇరవై వేలకు దొరికింది, ఆ నెల మిగులు దానికే పోయింది. పంపు ఆన్ చేస్తే కింది మందుల దుకాణం దాకా వినిపించేంత గోల. మొదటి వారం ఆరు పళ్ళలో రెండు బీటలిచ్చాయి. మూత ఎంత నెమ్మదిగా దించాలో చేతికి తెలియడానికి పదిరోజులు పట్టింది. ఆపైన ఒక్కటి కూడా పగల్లేదు. సాయంత్రాలు పెద్ద ల్యాబులో స్టూలు మీద కూర్చునే పని తప్పింది.

సరిగ్గా మూడు వారాలకు మన డబ్బు కాస్త కోలుకుంది. డాలరు నూట పద్దెనిమిదికి దిగింది.

ఇప్పుడు అందరూ సానుభూతి చూపించడం మొదలుపెట్టారు. "అయ్యో మాస్టారూ, తగ్గిపోయిందే!" అని కింది దుకాణదారు. "ఇంకో నెల ఆగి ఉంటే ఆ పెద్దదే చవగ్గా వచ్చేదేమో బావా" అని బావమరిది. పెద్దది నిజంగానే తగ్గిందేమోనని మాస్టారు పొడి కొనడానికి వెళ్ళినప్పుడు అడిగాడు. ఆరు లక్షల పదివేలే. పొడి సీసా ఇరవై రెండు వందలే.

"డాలరు దిగింది కదండీ?"

"ఇది నూట ఇరవై ఐదున్నప్పుడు తెచ్చిన సరుకు సార్. నాకు నష్టం కదా" అన్నాడు డీలరు, ముఖంలో ఏ భావమూ లేకుండా.

మాస్టారు నవ్వాలో కొట్టాలో తెలియక డబ్బు కట్టి వచ్చేశాడు. పక్క వీధిలో ఇంకో డీలరు నెల తర్వాత ఇరవై ఒక్క వందలకు దించాడని తెలిశాక మాత్రం అక్కడికి మారాడు.

భార్య రెండు నెలల నోటీసు ఇచ్చి వచ్చేసింది. ఆఖరు నెలల్లో తన దగ్గరే ఉంచుకున్న ఎనిమిది వందల డాలర్లు వెంట తెచ్చుకుంది. వాటిని ఎప్పుడు మార్చాలన్నది పూర్తిగా ఆమె ఇష్టం, మాస్టారు ఆ విషయంలో నోరెత్తలేదు. పెద్ద ల్యాబుకు పోయే డబ్బు మిగలడంతో ఇల్లు చాలావరకు గడుస్తుంది. తక్కిన దానికి ఆమె ఇక్కడే ఒక క్లినిక్కులో చేరాలనుకుంది, అక్కడి జీతంలో నాలుగో వంతుకు.

వచ్చాక రెండు రోజులు నిద్రపోయింది. పాప బడి నుంచి వచ్చినప్పుడల్లా గదిలోకి తొంగిచూసి, అమ్మ ఉందని రూఢి చేసుకుని వెళ్ళేది. మూడో రోజు ఉదయం ఆమె లేచి, సరుకులు తానే తెస్తానంది. మాస్టారు సంచీ పట్టుకుని వెంట వెళ్ళాడు. కొట్లో ఆమె నూనె డబ్బా తీసి, ధర చూసి, మళ్ళీ దగ్గరగా పెట్టుకుని చూసింది. సబ్బు చూసింది. పాలపొడి చూసింది.

"ఇంతా?" అంది. "నేను వెళ్ళేటప్పుడు దీనికి రెండు డబ్బాలు వచ్చేవి కదండీ!"

మాస్టారు ఊపిరి తీసుకుని నోరు తెరిచాడు.

"మీరేం చెప్పకండి" అంది ఆమె వెంటనే. "నాకు తెలుసు. తెలిస్తే మాత్రం కోపం తగ్గుతుందా?"

తగ్గదని ఆయన ఒప్పుకున్నాడు. చీటీలో రాసుకొచ్చిన పదకొండింటిలో ఏడే కొని, ఆ కొట్టువాణ్ణి ఒకరూ, బ్యాంకువాళ్ళను ఒకరూ తిట్టుకుంటూ, సంచీ చెరో వైపు పట్టుకుని ఇంటికి నడిచారు.